ఆ బొట్టు ఎవరు పెట్టమన్నారు?

మా కృత్తివెన్ను వైపు మనిషి పోయిన గంటకల్లా మూడు ఫోన్లు వెళ్తాయి. ఒకటి ఐస్‌బాక్సుకి, ఒకటి షామియానాకి, మూడోది ఫ్లెక్సీకి. మొదటి రెండింటికీ పోయినవాళ్ల మతంతో పనిలేదు. మూడోదానికి ఉంది. కానీ ఆ మూడో ఫోను ఎత్తినాయన అడిగేవి రెండే ప్రశ్నలు: సైజెంత, ఫొటో వాట్సాప్‌లో పెట్టారా. పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద దుఃఖిస్తున్నవాళ్ల పేర్లు అన్నీ మనమే అక్షరం పొల్లుపోకుండా పంపాలి. ఆ పోయినావిడ నుదుటి మీద ఏముండాలి, మెడలో ఏముండాలి, ఒంటి మీద ఏ చీర ఉండాలి అన్నది మాత్రం ఆయనే తేల్చేస్తాడు. తేల్చినప్పుడల్లా ఎర్రటి గుండ్రటి బొట్టు, జరీ అంచు పట్టుచీర, కాసులపేరు తేలతాయి. బందరు నుంచి లోసరి దాకా జాతీయ రహదారి పక్కన కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు చూసుకుంటూ వెళ్లండి. ఈ దారిలో చనిపోయిన ఆడవాళ్లందరూ ఒకే పెళ్లికి వెళ్లి తిరిగొస్తున్నట్టు ఉంటారు.

ఇందులో ఎవరికీ చెడు ఉద్దేశం లేదని నాకు తెలుసు. ఉద్దేశం లేకపోవడమే నా ఫిర్యాదు. చేత్తో పెట్టాల్సిన బొట్టు, ఆలోచన లేకుండా వేలికొస చివర పుట్టేస్తోంది.

మా పెద్దమ్మ సంగతి చెప్తాను. ఆవిడ మరీ అరుదైన మనిషేం కాదు, మా వైపు మాలపల్లెల్లో అలాంటివాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. నడివయసులో బ్రదరన్ సంఘంలో చేరి, కాలవలో మునిగి బాప్తిస్మం తీసుకుంది. ఆ రోజే బొట్టు చెరుపుకుంది, మెడలో పూసలు, కాళ్ల మెట్టెలు తీసేసింది. పూలు మానేసింది. మొగుడు నిక్షేపంగా బతికుండగా బొట్టు లేకుండా తిరిగే ఆడదాన్ని ఊరు ఎలా చూస్తుందో ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు. అత్తగారు ఏడాదికి పైగా మాట్లాడలేదు. పొద్దున్నే ఎదురొస్తే వెనక్కి తిరిగిన మగవాళ్లున్నారు. పేరంటాలకి పిలుపు ఆగిపోయింది. పెదనాన్న కూడా కొన్నాళ్లు "నేను చచ్చాననుకున్నావా?" అని సాధించాడు. ఆవిడ మాత్రం పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం వేలు పెట్టి చూపించేది. జడలు అల్లుకోవడం, బంగారం పెట్టుకోవడం గురించి అక్కడ రాసి ఉన్నదాన్ని ఆవిడ ఉన్నదున్నట్టు తీసుకుంది. ఆ వ్యాఖ్యానంతో మనం ఏకీభవించక్కర్లేదు. నేనూ ఏకీభవించను. కానీ దాని ఖరీదు నలభయ్యేళ్ల పాటు కట్టింది ఆవిడ.

ఆవిడ పోయిన మర్నాడు ఆదరణ కూడికకి కట్టిన ఫ్లెక్సీలో ఆకుపచ్చ పట్టుచీర, మెడలో నల్లపూసలు, తలలో మల్లెపూలు, కనుబొమల మధ్య రూపాయి బిళ్లంత బొట్టు. పైన "ప్రభువునందు నిద్రించిన" అని ఉంది. సంఘపెద్ద దాన్ని చూసి ఏమీ అనలేదు, వాక్యం చెప్పినంతసేపూ అటు తిరగలేదు. మా మేనత్త ఒకావిడ, ఆవిడ హిందువే, దగ్గరికెళ్లి చూసి "ఇదెవరే?" అంది.

స్టూడియో పేరు చెప్పను. ఆయన ఒక్కడి తప్పయితే ఈ వ్యాసం అక్కర్లేదు. కూడిక అయ్యాక మా అన్నయ్య కొడుకుతో కలిసి నేనే వెళ్లి ఆయన పక్కన స్టూలు వేసుకుని కూచున్నాను. గొడవకి కాదు, ఫొటో మళ్లీ చేయించడానికి. పనిలో పనిగా మొదటిసారి ఎలా చేశాడో చూపించమన్నాను. మొహమాటపడకుండా చూపించాడు.

ఆయనకి మావాళ్లు పంపింది ఆధార్ కార్డు ఫొటో. కార్డు మీద అది అంగుళం ఎత్తు ఉంటుంది. దాన్ని ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపితే ఇంకా నలుగుతుంది. మొహం ఉన్న భాగం మహా అయితే రెండొందల పిక్సెళ్లు వస్తుందేమో. దాన్ని నాలుగడుగుల ఫ్లెక్సీకి సాగదీయాలి. సాగదీస్తే ముందు పోయేది నుదురు. కళ్లకి, పెదాలకి గీతలుంటాయి కాబట్టి కొంత నిలబడతాయి. నుదుటికి గీతల్లేవు. ముడతలు, పాత మచ్చ, జుట్టు మొదలయ్యే చోట నూనె మెరుపు అన్నీ కరిగిపోయి మైనం ముద్దలా తయారవుతుంది. అప్పుడు చూసే కన్ను అక్కడ ఏదో ఒకటి కావాలంటుంది. బొట్టు పెడితే ఆ మైనం మీదికి చూపు పోదు, కళ్లు రెండూ ఒక చోట కట్టుబడి మొహానికి జీవం వచ్చినట్టు అవుతుంది. అంటే ఆ బొట్టు సగం భక్తి కాదు, అతుకు. చొక్కా చిరిగిన చోట జేబు కుట్టినట్టు. ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు, ఆయనే అన్నాడు: "బొట్టు పెడితే ఫొటో లేస్తుంది మేడమ్."

తర్వాత ఒళ్లు. ఆధార్ ఫొటోలో భుజాలుండవు కదా. అందుకని తల కత్తిరించి, ముందే తయారుగా ఉన్న ఒక ఒంటి మీద అతికిస్తారు. ఆయన కంప్యూటర్లో ఆ ఒళ్లన్నీ ఫోల్డర్లుగా ఉన్నాయి. ఎవరో చేసి అమ్మినవి, చేతులు మారి వచ్చినవి. నాకు ఆ ఫోల్డర్ల పేర్లు భలే నచ్చాయి, అంటే చదివి నోరు తెరిచాను. ఒకటి LADIES SAREE, ఒకటి GENTS SUIT, ఒకటి GENTS PANCHA, ఒకటి MUSLIM. మతం పేరు ఉన్నది ఒక్కదానికే. అంటే మిగిలినవన్నీ ఏ మతానివీ కావు, మామూలు మనుషులవి అని. కానీ LADIES SAREE తెరిస్తే ముప్ఫై పైచిలుకు ఒళ్లలో ఒక్క దానికి కూడా ఖాళీ మెడ లేదు. మంగళసూత్రం, నల్లపూసలు, కాసులపేరు ఆ బొమ్మలో కలిసిపోయి ఉన్నాయి, విడిగా తీయడానికి లేదు. కాబట్టి "మావాళ్లు క్రిస్టియన్స్ అండీ, బొట్టు వద్దు" అని ముందే చెప్పినా, బొట్టు పోతుంది గానీ తాళి ఉండిపోతుంది. మతం నుదుటి దగ్గర ఆగదు.

ఇంకో సంగతి. అతికించిన మొహం ఒకవైపు, ఒళ్లు ఒకవైపు తిరిగి ఉంటే బొమ్మని అద్దంలోలాగా తిప్పేస్తారు. ఒంటిని తిప్పితే పైట కుడి భుజం మీదికి వస్తుంది. మన దగ్గర మామూలుగా చీర కట్టే ఆడవాళ్లెవరూ పైట అటు వేసుకోరు. మొహాన్ని తిప్పితే ముక్కుపుడక రెక్క మారుతుంది, పుట్టుమచ్చ అవతలి బుగ్గకి పోతుంది. ఫొటో దిద్దారా లేదా అని అనుమానం వస్తే ముందు పైట ఏ భుజం మీద ఉందో చూడండి, తర్వాత మెడ, దవడ కలిసే చోట రంగు చూడండి. ఎండలో పనిచేసిన మొహం కింద నీడపట్టున పెరిగిన మెడ కనిపిస్తుంది. మా పెద్దమ్మకి రొయ్యల చెరువు గట్ల మీద నల్లబడ్డ మొహం, కింద ఎవరో మోడల్ పిల్ల తెల్లటి మెడ. రెండూ కలవవని మొహాన్ని కూడా రెండు మెట్లు తెల్లబరిచాడు.

అసలు మావాళ్ల దగ్గర ఆధార్ ఒక్కటే లేదు. ఆదివారం మందిరం బయట తెల్లచీరలో నిలబడి, పైట కొంగు తల మీదికి లాక్కుని ఉన్న ఫొటో ఫోనులో ఉంది. పంపారు కూడా. దాన్ని ఎందుకు వాడలేదని అడిగితే ఆయన అన్న మాట: "తెల్లచీర బాగోదండీ. విధవలా ఉంటది." పెదనాన్న ఆవిడ కన్నా ముందే పోయాడు కాబట్టి లెక్క ప్రకారం ఆవిడ విధవే, ఆ సంగతి ఆయనకి తెలీదు. తెలిస్తే పట్టుచీరా బొట్టూ పెట్టేవాడా? ఒక హిందూ ఇంట్లో అదే పని చేసుంటే పెద్ద రభసయ్యేది. కానీ ఆవిడ తెల్లచీర వైధవ్యానిది కాదు. మా వైపు క్రైస్తవుల్లో పెళ్లికూతురు కట్టేది తెల్లచీరే, తల మీద ముసుగు వేసి. బాప్తిస్మానికి తెల్లబట్టలు. ప్రకటన గ్రంథంలో సింహాసనం ముందు నిలబడ్డవాళ్లకీ తెల్లబట్టలే. ఒక కంటికి అన్నీ పోగొట్టుకున్న రంగు, ఇంకో కంటికి పెళ్లి రంగు. స్టూడియోలో రెండో కన్ను లేదు.

దీనికి ఎదురుగా వచ్చే వాదన నాకు కంఠతా వచ్చు. "బొట్టు మతం కాదండీ, తెలుగుదనం." మంచి కవులు, మంచి స్నేహితులు అన్న మాట ఇది. ఈ మాటకి భాషలోనే ఒక ఏర్పాటుంది: బొట్టు లేని మొహాన్ని మనం "బోసి మొహం" అంటాం, గొలుసు లేని మెడని "బోసి మెడ" అంటాం. పళ్లూడిన నోటికి వాడే మాట అది. ఉండాల్సింది ఊడిపోయిందని. ఆ మాట నోట్లో ఉన్నంతకాలం ఖాళీ నుదురు కనబడగానే చెయ్యి నింపడానికే పోతుంది. మా పెద్దమ్మ నుదురు ఊడిపోయి ఖాళీ కాలేదు. ఆవిడ ఖాళీ చేసుకుంది.

అయితే దీన్ని తిరగేసి ఇంకో సూత్రం చేసుకోకండి. క్రైస్తవురాలైతే బొట్టు తీసేయాలనేది కూడా అంతే మూర్ఖత్వం. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టిన చర్చి మిషనరీ సొసైటీ దారి ఒకటి, 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి నర్సాపురం వైపు స్థిరపడ్డ బౌడెన్, బీర్ల బ్రదరన్ దారి ఇంకొకటి. తర్వాత బక్త్‌సింగ్ గారి సంఘాలు, పెంతెకొస్తువాళ్లు, మొదటినుంచీ ఉన్న కతోలికలు. ఒకే కులం, ఒకే వీధి, ఒకే ఇంటిపేరు, కానీ బొట్టు విషయంలో నాలుగు రకాలు. సీఎస్ఐ గుడికి వెళ్లే మా పిన్నమ్మ ఇవాళ్టికీ స్టిక్కర్ పెట్టుకుంటుంది, పూలు పెట్టుకుంటుంది, క్వయర్‌లో పాడుతుంది. ఆవిడ ఫొటోలో ఎవరైనా "క్రిస్టియన్ కదా" అని హీలింగ్ బ్రష్‌తో బొట్టు తుడిస్తే అదీ దౌర్జన్యమే. మతం పేరు తెలిసినంత మాత్రాన బట్టలు తెలియవు. ఆ మనిషిని అడగాలి. ఆ మనిషి లేకపోతే ఆవిడతో కలిసి అన్నం తిన్నవాళ్లని అడగాలి.

పైగా మా పల్లెల్లో బొట్టుకి ఒక కాగితం విలువ కూడా ఉంది, అది పట్నం పాఠకులకి తెలియకపోవచ్చు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా హిందువులకి, 1956 నుంచి సిక్కులకి, 1990 నుంచి బౌద్ధులకి. క్రైస్తవులకి లేదు. దళితుల్లోంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సీ. కాబట్టి ఎవరు ఏ ఫొటోలో బొట్టుతో ఉన్నారు, ఎవరు లేరు అన్నది మండలాఫీసు నుంచి కోర్టు దాకా పనికొచ్చే సంగతి. ఇంట్లో ఒక రకంగా, సర్టిఫికెట్టులో ఒక రకంగా బతకాల్సి వచ్చినవాళ్ల మీద, వాళ్లు చచ్చాక ఎవరో ఒక మౌసుతో తీర్పు రాసేస్తున్నారు. తెలుగుదనం అంటున్నవాళ్లు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంకా నమ్మకం కలగకపోతే కుంభకోణం చూడండి. 2022 డిసెంబర్ 6న, అంబేడ్కర్ వర్ధంతి నాడు, అక్కడి గోడల మీద ఇందు మక్కల్ కట్చి అనే హిందూ సంస్థ పోస్టర్లు వెలిశాయి. అందులో అంబేడ్కర్‌కి కాషాయం చొక్కా వేశారు, నుదుటి మీద విభూతి రేఖలు దిద్ది, కుంకుమ పెట్టారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకుని, హిందూ దేవుళ్లని పూజించనని అందరి ముందు ప్రతిజ్ఞ చేసిన మనిషికి. ఆ ప్రతిజ్ఞ చేసి రెండు నెలలు తిరక్కుండానే ఆయన పోయారు. ఆయన పోయిన రోజునే ఆ పోస్టరు. అక్కడ ఉద్దేశం ఉంది, అది రాజకీయం, పేచీ అయింది, పోలీసులొచ్చారు. మా స్టూడియోలో ఉద్దేశం లేదు, పేచీ లేదు, ఆదరణ కూడిక అయిపోయింది. కానీ పని పద్ధతి చూడండి. చొక్కా మార్చు, నుదురు నింపు. చనిపోయినవాడు కాదనలేడు. రెండింటికీ తేడా పనివాడి మనసులో ఉంది, బొమ్మలో లేదు. బొమ్మ చూసేవాడికి పనివాడి మనసు కనబడదు.

ఆ MUSLIM ఫోల్డర్ కూడా తెరిపించాను. అందులో మగవాళ్ల ఒళ్లన్నిటికీ తెల్ల జాలీ టోపీ, ఆకుపచ్చ శాలువా, వెనక మినార్లు, నెలవంక. ఆడవాళ్లకి ఒకటే, కళ్లు తప్ప ఏమీ కనపడని నల్ల బురఖా. కళ్లు తప్ప కనపడని ఒంటి మీద మొహం ఎలా అతికిస్తారో నాకు అర్థం కాలేదు, ఆయనకీ అర్థం కాలేదు, "అది ఎప్పుడూ వాడలేదండీ" అన్నాడు. మా ఊళ్ల నూర్‌బాషా ఇళ్లలో ఇల్లాలు చీరే కడుతుంది, మెడలో నల్లపూసల లచ్చా ఉంటుంది, కొంగు తల మీదికి లాక్కుంటుంది. ఇంటాయన గళ్ల లుంగీ, భుజాన తువ్వాలు. టోపీ జేబులో ఉంటుంది, నమాజు వేళకి బయటికి వస్తుంది. మాట తెలుగే. ఈ మనిషి ఆ ఫోల్డర్లో లేడు. ఎక్కడా లేడు. సర్వమత సామరస్యం ఫ్లెక్సీలో అయితే అసలే లేడు. అక్కడ నామాలాయన, టోపీ గడ్డం ఆయన, శిలువ వేసుకున్న అంగీ ఆయన చేతులు కలుపుకుని ఉంటారు. కృత్తివెన్ను సముద్రం మీదికి వేటకెళ్లే పడవలో ముగ్గురూ నిక్కర్లతో, తలగుడ్డతో ఉంటారు. ఎవరు ఏ గుడికి వెళ్తారో వల లాగేటప్పుడు తేలదు.

ఈ టోపీ సామగ్రి ఎంత బాగా పనిచేస్తుందో చూడాలంటే 2020 అక్టోబర్ 22న వచ్చిన 'ఆర్ఆర్ఆర్' టీజర్ గుర్తుచేసుకోండి. కొమరం భీమ్ పుట్టినరోజు నాడు వదిలారు. చివరి షాట్లో భీమ్ పాత్ర తల మీద టోపీ, కళ్లకి సుర్మా, కుర్తా. ఒక్క క్షణం. ఆ క్షణానికే రాష్ట్రాలు రెండూ రెండుగా చీలాయి. గోండు వీరుడికి టోపీ పెడతారా అని ఒకరు, పెడితే తప్పేంటని ఒకరు. సినిమా వచ్చాక తేలింది, అది ఢిల్లీలో అఖ్తర్ పేరుతో మారువేషం అని. మారువేషానికి సామగ్రి కావాలి, ఒప్పుకుంటాను. నన్ను ఆపింది వేరే సంగతి. అన్ని వారాల చర్చలో, ఆ కాలపు ఢిల్లీలో ఒక ముస్లిం మెకానిక్ నిజంగా ఏం కట్టుకుని ఉండేవాడు అన్న ప్రశ్న గానీ, ఆదిలాబాద్ అడవిలో భీమ్ వయసు గోండు ఏం కట్టేవాడు అన్న ప్రశ్న గానీ నా చెవిన పడలేదు. కొట్లాట అంతా గుర్తు మీద జరిగింది. బట్ట గురించి ఎవరికీ పట్టలేదు.

బందరులో ఇంతకన్నా ఘోరం ఏటా జరుగుతుంది. బందరులో షియాలున్నారు. మొహర్రం వాళ్లకి సంతాపం. కర్బలాలో చనిపోయినవాళ్ల కోసం నల్లబట్టలు కట్టుకుని గుండెలు బాదుకునే రోజులు. ఆ రోజుల్లోనే రోడ్డు మీద ఆకుపచ్చ ఫ్లెక్సీ వెలుస్తుంది: "మొహర్రం శుభాకాంక్షలు". పక్కన తెల్ల టోపీ అతికించిన నాయకుడు పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ. రంజాన్‌కి చేసిన ఫైలులో ఒక్క పదం మార్చారు. ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఇక పెద్దమ్మ ఫొటో మళ్లీ ఎలా చేశామో చెప్తాను, ఎందుకంటే "అంత టైముండదండీ" అన్నది ఈ వాదనలో చివరి గోడ. ఆధార్ పక్కన పెట్టేశాం. మందిరం బయట తీసిన ఫొటో అసలు ఫైలు, వాట్సాప్‌లోది కాదు, తీసినవాళ్ల ఫోనులోంచి డాక్యుమెంటుగా తెప్పించాం. మొహం దాదాపు తొమ్మిది వందల పిక్సెళ్లు ఉంది. నుదుటి ముడతలు లెక్కపెట్టొచ్చు. అప్పుడు అతుకు అవసరమే రాలేదు, బొట్టు ఎందుకు కావాల్సి వచ్చిందో అక్కడ అందరికీ తెలిసిపోయింది. ఎడమ భుజం దగ్గర ఎవరిదో చెయ్యి అడ్డం వచ్చింది. పట్టుచీర ఒళ్లు అతికించే బదులు, ఆవిడ పెట్టెలోంచి ఆ చీరే తీశాం. పెడనలో కొన్న తెల్ల నూలు చీర, సన్నటి నీలం అంచు. మా వదినది దాదాపు అదే ఒడ్డూ పొడవూ. ఆమెకి ఆ చీరే కట్టి, అదే మందిరం బయట, అదే పొద్దున ఎండలో, ఫోను అదే ఎత్తులో పెట్టి భుజం వరకూ తీశాం. ఆ భుజం ముక్కని తెచ్చి చెయ్యి ఉన్న చోట వేశాడాయన. రంగు సరిచూసుకోవాల్సిన పనే పడలేదు, ఎండ ఒకటే కదా. మొహం తెల్లబరచలేదు. వెనక మందిరం గోడని మాత్రం కాస్త మసక చేశాడు. కూచున్నది గంటన్నర. మొదటిసారి పట్టుచీర వేయడానికి ముప్పావుగంట పట్టిందట. అంటే నిజానికి, అబద్ధానికి మధ్య తేడా ముప్పావుగంట, ఒక చీర, ఒక ఫోను.

రాత్రికి రాత్రి ఫ్లెక్సీ కావాలంటే ఆ ముప్పావుగంట కూడా ఉండదు, నిజమే. అలాంటప్పుడు చిన్నది వేయండి. ఉన్న ఫొటోని రెండడుగులకి మించి సాగదీయకుండా, చుట్టూ ఖాళీ వదిలి, ఒళ్లు అతికించకుండా భుజాల దగ్గర ఆపేయండి. నుదురు మైనంలా ఉంటే ఉండనీండి. అచ్చు వేసే ముందు ఇంట్లో ఒక ఆడమనిషికి ఫోనులో చూపించండి, మగవాళ్లు ఫొటో చూసి "బాగుంది బాగుంది" అంటారు తప్ప మెడలో ఏముందో చూడరు. అడగాల్సింది ఒకే మాట: ఆవిడ రోజూ ఇలాగే ఉండేదా?

ఈ మాటకి జవాబు ఎప్పుడూ తేలిగ్గా రాదని కూడా నాకు తెలుసు. మా ఊళ్లోనే, మా వీధికి అవతల, ఒక హిందూ ఇంట్లో తల్లి పోయింది. ఇరవయ్యేళ్ల కిందట భర్త పోయినప్పుడు పదకొండో రోజున నలుగురు కూడి ఆవిడ బొట్టు చెరిపారు, గాజులు పగలగొట్టారు. కూతురు అప్పుడు చిన్నపిల్ల, ఆ గదిలోనే ఉంది. ఇప్పుడు పెద్దకర్మకి వేసే ఫొటోలో అమ్మకి బొట్టు పెట్టమంది. కొడుకు వద్దన్నాడు, అమ్మ అలా ఉండేది కాదు కదా అని. నేను పైన రాసిన దాని ప్రకారం కొడుకు మాటే నెగ్గాలి. కానీ ఆ బొట్టుని ఆవిడ తనకి తాను తీసుకోలేదు. మా పెద్దమ్మ చెరుపుకుంది, ఈవిడకి చెరిపారు. ఖాళీ నుదురు రెండు చోట్లా ఒకలాగే కనబడుతుంది, కానీ రెండూ ఒకటి కాదు. కూతురు అడిగింది అలంకారం కాదు.

వాళ్లు నన్ను అడిగారు కాబట్టి చెప్పాను. ఇప్పటి మొహానికి కంప్యూటర్లో బొట్టు దిద్దొద్దు, ఆవిడ తన చేత్తో బొట్టు పెట్టుకున్న రోజుల ఫొటో వెతకండి అని. ట్రంకు పెట్టె అడుగున ఒకటి దొరికింది. బందరు స్టూడియోలో తీసిన నలుపు తెలుపు ఫొటో, పక్కన భర్త, అంచులు పసుపెక్కి, మధ్యలో మడత. మడత గీతని క్లోన్ స్టాంప్‌తో సరిచేయించారు. రంగులు వేస్తానని ఆయనన్నాడు, కూతురు వద్దంది. కింద పుట్టిన తేదీ, పోయిన తేదీతో పాటు ఆ ఫొటో తీసిన ఏడాది కూడా వేయించారు. 1974.